రక్తం తొమ్మిది దగ్గరే ఆగిపోతే: కడుపుతో ఉన్న కోడలు అత్తతో ఎలా మాట్లాడాలి

పాకాల దగ్గర ఒక పల్లె. తొలిచూలు కోడలు. ఐదో నెలలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రోజుకు రెండు రాసింది. నెల తర్వాత మళ్లీ చూస్తే 9.4. మాత్రలు సరిగ్గా వాడితే నెలలో కనీసం 1 పాయింటు పెరగాలి. పెరగలేదంటే మాత్ర కడుపులోకి పోకపోయైనా ఉండాలి, పోయినా ఒంటికి పట్టకపోయైనా ఉండాలి. ఆ ఇంట్లో రెండూ జరుగుతున్నాయి.

నేను ఈ పక్క పల్లెల్లో ఏఎన్‌ఎంగా చాలా ఏళ్లు తిరిగాను. ఇలాంటి ఇళ్లు ఎన్నో చూశాను. కోడలికి డాక్టరు చెప్పిన మాట తెలుసు. అత్తకు తాను కని పెంచిన అనుభవం ఉంది. ఆ రెండూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవు. అత్త ఏదో అంటుంది, కోడలు తల ఊపుతుంది, తర్వాత మాత్ర పెరట్లో చెట్టు మొదట్లోకి పోతుంది. భర్తను మధ్యలో పెడితే "మా అమ్మ మాట వినవు" అనో, "నా పెళ్లాన్ని విసిగించొద్దు" అనో అది ఇంకో గొడవ అవుతుంది. మాట్లాడాల్సింది ఆ ఇద్దరే. ఈ ఇంట్లో ఆ మాటలు ఏ వరసలో జరిగాయో, ఆ నెల వాళ్లు ఏమేం మార్చారో మొదటినుంచి చెబుతాను. మీ ఇంట్లోనూ ఇదే వరసలో పోవచ్చు.

మొదట: ఏది మాట్లాడాలి, ఏది వదిలేయాలి

అత్త చెప్పే పద్ధతులన్నీ ఒక కాగితం మీద రాసుకోమని ఆ అమ్మాయికి చెప్పాను. ఇరవై దాకా వచ్చాయి. వాటిని మూడు కుప్పలు చేశాం.

మొదటి కుప్పలో మంచివి. రాగిసంగటి, మునగాకు, పప్పు, చద్ది, సాయంత్రం నడక. వీటికి డాక్టరు కూడా అడ్డు చెప్పదు. రెండో కుప్పలో పాటించినా నష్టం లేనివి. బొప్పాయి తినకూడదు, అనాస తినకూడదు, గ్రహణం రోజు బయటికి రాకూడదు, పాలలో కుంకుమపువ్వు వేసుకోవాలి. మూడో కుప్పలో మూడే మిగిలాయి: ఏడో నెల నుంచి తిండి తగ్గించాలి, ఐరన్ మాత్రలు వేడి కాబట్టి వద్దు, కాళ్లూ ముఖమూ వాచినా తలనొప్పి వచ్చినా "మామూలే, మాకూ వచ్చింది" అని ఊరుకోవాలి.

మాట్లాడాల్సింది ఈ మూడో కుప్ప గురించే. బొప్పాయి సంగతే తీసుకోండి. పచ్చి బొప్పాయిలో ఉండే పాలు గర్భసంచిని కదిలిస్తాయన్న భయానికి కొంత ఆధారం ఉంది, పచ్చిది మానేయమని డాక్టర్లూ చెబుతారు. బాగా పండినది కొంచెం తింటే ప్రమాదం లేదు. అయినా ఆ ముక్క కోసం అత్తతో వాదించి గెలిచినా ఆమెకు వచ్చేది కోపం, మీకు వచ్చేది ఒక పండు ముక్క. జామకాయ తినండి, అది ఇంకా మేలు. గ్రహణం రోజు ఇంట్లోనే ఉండండి. కానీ ఆకలైతే తినాలి, దాహమైతే నీళ్లు తాగాలి, మాత్ర మానకూడదు అని ఆ ఒక్కటి ముందురోజే చెప్పి ఒప్పించుకోండి. ఇలా పది చోట్ల "సరే అత్తమ్మా" అన్న కోడలు పదకొండోచోట "ఇది మాత్రం డాక్టరమ్మ చెప్పినట్లు చేస్తాను" అంటే ఆ మాటకు విలువ ఉంటుంది.

తర్వాత: ఆమె కాన్పు కథ అడగండి

పొద్దున పొయ్యి దగ్గర ఈ మాటలు ఎత్తొద్దు. కంచం ముందు అసలు వద్దు. మధ్యాహ్నం పని ఒడిసినాక, ఇద్దరూ కూర్చుని మునగాకు దూసుకునేటప్పుడు ఎత్తండి. చేతికి పని ఉంటే మాట మెత్తగా వస్తుంది. "డాక్టరు ఇట్ల చెప్పింది" అని మొదలుపెట్టకండి. ఆ అమ్మాయి ఇలా మొదలుపెట్టింది.

"అత్తమ్మా, మీ అబ్బాయి కడుపులో ఉన్నప్పుడు మీరేం తినేవాళ్లు?"

"ఏముండాది తినేదానికి? సంగటి, ఊర్బిండి. వానలు పడితే ఏదన్నా ఆకు. ఏడో నెల వచ్చినాక మా అత్త ముద్ద సగం చేసేసింది. బిడ్డ లావైతే కాన్పు కష్టమైపోతుందని."

"ఆకలయ్యేది కాదా?"

"కాకుండా ఎట్లుంటాది? రాత్రిపూట కొంగులో బియ్యం కట్టుకుని నములుతా ఉండేదాన్ని. బలపాలు కూడా తిన్నాను. ఎవరికీ చెప్పలేదులే."

"కాన్పు సులభంగా అయ్యిందా?"

"అయ్యింది. ఇంట్లోనే. మీ ఆయన పిడికెడు ఉన్నాడు. కానీ ఆ తర్వాతే అమ్మణ్ణీ, రెండు నెలలు లేచి నిలబడలేకపోయినాను. లేస్తే కళ్లు బైర్లు కమ్మేవి."

పచ్చి బియ్యం, బలపం, మట్టి, సాంబ్రాణి బూడిద తినాలనిపించడం ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు కనిపించే గుర్తుల్లో ఒకటి. కళ్లు బైర్లు కమ్మడమూ అంతే. అంటే నలభై ఏళ్ల కిందట ఆమెకు ఉన్నదీ కోడలికి ఇప్పుడున్నదీ ఒకటే జబ్బు. కోడలు అక్కడ ఒక్క మాటే అంది: "దాన్నే ఇప్పుడు రక్తం తక్కువ అంటున్నారు అత్తమ్మా. నాకూ అదే ఉందంట." అత్త చేతిలో ఆకు ఆగిపోయింది. ఆ రోజుకు అంతే. మాత్రల సంగతి మర్నాటికి వాయిదా వేసుకుంది. అది మంచి పని.

ఇక్కడ కోడళ్లు అర్థం చేసుకోవాల్సిన విషయం ఒకటుంది. తిండి తగ్గించమన్న అత్తలు చెడ్డవాళ్లు కాదు. ఆపరేషన్ చేసే ఆసుపత్రి అందుబాటులో లేని రోజుల్లో, మంత్రసాని చేతిలో బిడ్డ అడ్డం పడితే తల్లి దక్కేది కాదు. చిన్న బిడ్డైతే బయటపడుతుందని వాళ్లు చేసిన లెక్క ఆ కాలానికి సరిపోయింది. ఇప్పుడు తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికో, చిత్తూరు పెద్దాసుపత్రికో గంట గంటన్నరలో చేరొచ్చు. బిడ్డ దారి ఇరుకైతే ఆపరేషన్ ఉంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు మాత్రం పాలు లాగడం, వేడి నిలుపుకోవడం, జబ్బును తట్టుకోవడం అన్నీ కష్టమే. అంతేకాదు, తల్లి తినడం మానేస్తే బిడ్డ ఎంత తగ్గుతుందో మన చేతిలో ఉండదు, తల్లి ఒంట్లో రక్తం మాత్రం తప్పకుండా తగ్గుతుంది. కాన్పులో ఎవరికైనా కొంత రక్తం పోతుంది. 12 ఉన్నామె దాన్ని తట్టుకుంటుంది, 8 ఉన్నామెకు అదే ప్రాణం మీదికి వస్తుంది. ఈ చివరి మాట అత్తలకు బాగా ఎక్కుతుంది, ఎందుకంటే రక్తం పోయి చనిపోయిన వాళ్లు ఎవరో ఒకరు వాళ్లకు తెలిసే ఉంటారు.

మాత్ర: భయాలు, వేళలు

మర్నాడు అత్తే అడిగింది. "ఆ ఎర్ర మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాదంట గదా? వేడి అంట గదా?"

బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి, తాతల నుంచి వస్తుంది, మాత్రతో మారదు. మరి ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము అలా బయటికి పోతుంది. అది చూసి లోపల బిడ్డ కూడా నల్లబడుతుందని జనం అనుకున్నారు. నల్ల విరేచనంతో భయం లేదని ముందే తెలిస్తే సగం మంది మాత్ర మానరు. వేడి అనడానికీ కారణం ఉంది. కడుపులో మంట, వికారం, మలబద్ధకం వస్తాయి. అవి నిజమే, లేవని చెప్పకూడదు. మొదటి వారం పది రోజులు ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతాయి. నీళ్లు బాగా తాగడం, ఆకుకూర, పండు తినడం వల్ల మలబద్ధకం సర్దుకుంటుంది. మరీ తట్టుకోలేకపోతే మానేయకుండా డాక్టరుకు చెప్పాలి, వేరే రకం మాత్ర మారుస్తారు.

ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తం బాగున్నవాళ్లు కూడా నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు. రక్తం తగ్గితే డాక్టరు రెండు రాస్తారు. ఎవరికి వాళ్లు రెండు చేసుకోకూడదు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో ఆ అమ్మాయి రోజు ఎలా గడుస్తుందో అడిగితే బయటపడింది. పొద్దున ఏడు గంటలకు పెద్ద గ్లాసు కాఫీ. ఆ కాఫీతోనే ఐరన్ మాత్ర, మరచిపోకుండా ఉండాలని దాంతోపాటే కాల్షియం మాత్ర కూడా. రాత్రి రెండో ఐరన్ మాత్ర కుంకుమపువ్వు వేసిన పాలతో. అదీ రెండు రోజులకు ఒకసారి, ఎందుకంటే వాంతి వచ్చేటట్లు ఉంటుంది. కాఫీ, టీల్లో ఉండే వగరు గుణం ఇనుమును పట్టుకుని ఒంట్లోకి పోనివ్వదు. పాలు, కాల్షియం మాత్ర కూడా దానికి అడ్డమే. అంటే వేసుకున్న కాస్త మాత్ర కూడా వృథా అయ్యింది. దీంట్లో అత్త తప్పు లేదు, మందు ఇచ్చిన చోట ఎవరూ వేళలు విడమరిచి చెప్పలేదు.

అత్తాకోడళ్లిద్దరూ కలిసి వేళలు ఇలా మార్చుకున్నారు. పొద్దున ఆరున్నరకు కాఫీ, చిన్న గ్లాసు. ఎనిమిదిన్నరకు టిఫిను, దాంతోపాటు మొదటి కాల్షియం మాత్ర. కాల్షియం తిండితో వేసుకుంటేనే బాగా పడుతుంది. పదకొండుకు ఐరన్ మాత్ర, నిమ్మకాయ పిండిన నీళ్లతో. నిమ్మ, ఉసిరి, జామల్లో ఉండే సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఒంటిగంటన్నరకు భోజనం, రెండో కాల్షియం మాత్ర. నాలుగింటికి కాఫీ. ఆరు గంటలకు కుంకుమపువ్వు పాలు. ఎనిమిదికి రాత్రి తిండి. పదికి పడుకోబోయే ముందు రెండో ఐరన్ మాత్ర, మంచినీళ్లతో. నిద్రలో వికారం తెలియదు. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి, కాఫీ టీలు ఐరన్‌కు ముందూ వెనకా గంట దూరం ఉండాలి. ఈ రెండు గుర్తుంచుకుంటే మీ ఇంటి వేళలకు తగినట్లు సర్దుకోవచ్చు.

కుంకుమపువ్వు పాలు మానేయమని కోడలు అనలేదు చూడండి. దాంతో బిడ్డ ఎర్రగా పుట్టదు గానీ పాలు మంచివే. రాత్రి పదికి ఉన్నదాన్ని సాయంత్రం ఆరుకు జరిపింది, అంతే. అత్త మనసు నొచ్చుకోలేదు, మాత్రకు అడ్డం తొలగింది. మాత్ర ఇచ్చే పని అత్తకే అప్పగించింది. "పదకొండైంది, మాత్ర మింగినావా?" అని ఆమే కేకేయడం మొదలుపెట్టింది. మాత్ర పారేసే అవకాశం అక్కడితో పోయింది.

తిండి: సంగటి ఉంచి, పక్కన ఏం చేర్చాలి

"సంగటి తింటే రక్తం పడతాదని ఎప్పుడూ అంటాము గదా, మరి ఎందుకు పడలేదు?" అని అత్త అడిగింది. న్యాయమైన ప్రశ్న. రాగిలో కాల్షియం చాలా ఎక్కువ. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 360 మిల్లీగ్రాములు ఉంటుంది. అందుకే ఎముకకు అంత బలం. ఇనుము మాత్రం కొద్దిగానే ఉంది, ఆ కొద్దీ ధాన్యం తొక్కలో ఉండే పదార్థాల వల్ల పూర్తిగా ఒంటికి పట్టదు. రాగులు నానబెట్టి మొలకలొచ్చాక ఆరబెట్టి పిండి కొట్టించినా, అంబలి రాత్రంతా పులియబెట్టినా ఆ అడ్డం తగ్గుతుంది. మన పెద్దవాళ్లు పులియబెట్టిన అంబలి తాగడం ఒంటికి మేలే చేసింది. కాబట్టి సంగటి ఉండాలి, రక్తం బాధ్యత మొత్తం దాని మీదే పెట్టకూడదు.

సంగటిలోకి వాళ్లు చేర్చినవి కొత్తవేం కావు. మునగాకు పప్పు వారానికి మూడు రోజులు, మిగిలిన రోజుల్లో తోటకూర, చింతచిగురు. పుల్లగూరను అత్త పాత ఇనుప బాండలిలో చేసింది. పులుపు పడితే ఇనుప పాత్ర నుంచి కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. ఆ బాండలి అటక మీద నుంచి దించడం అత్తకే సంబరంగా ఉంది, తన సామాను పనికొచ్చింది గదా. వండినాక కూరను వేరే గిన్నెలోకి తీసేయాలి, లేకుంటే నల్లబడి చిలుమువాసన వస్తుంది. మాంసం తినే ఇల్లు కాబట్టి వారానికి ఒకసారి వేటకూర, రోజుకు ఒక గుడ్డు. మాంసంలో ఉండే ఇనుము ఆకుకూరల్లో దానికంటే తేలికగా పడుతుంది. బాగా ఉడకాలి, అదొక్కటే జాగ్రత్త.

ఇక ఎంత తినాలి అన్నది. నాలుగో నెల నుంచి రోజుకు సుమారు 350 కేలరీలు అదనంగా కావాలి. అంత పెద్ద అంకె విని "ఇద్దరికి తినాలి" అని రెండు కంచాలు పెట్టే ఇళ్లూ ఉన్నాయి, అది కూడా తప్పే. వంటింటి లెక్కలో చెప్పాలంటే ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక గుప్పెడు చెనిక్కాయలు. అంతే అదనం. ఆ ఇంట్లో రెండు ఆవులున్నాయి. ఉదయం సాయంత్రం పాలన్నీ కేంద్రానికి పోసేవాళ్లు, ఇంట్లో కాఫీకి మాత్రం మిగిలేవి. అత్త ఆ రోజు నుంచి పోసేముందే ఒక గ్లాసు తీసి పక్కన పెట్టింది. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు కూడా కోడలికే అని తేల్చేసింది. ఇంతకుముందు అవి ఇంటిల్లిపాదికీ పోయేవి. ఇది అడగాలంటే కోడలికి నోరు రాదు. అత్త నోటి నుంచి వస్తేనే జరుగుతుంది.

సరిపోతుందా లేదా అన్నది బరువుతో తెలుస్తుంది. ముందునుంచీ మామూలు బరువున్నామె కాన్పు వేళకు 10 నుంచి 12 కిలోలు పెరగాలి. నాలుగో నెల దాటినాక నెలకు కిలోన్నర నుంచి రెండు కిలోలు. మన అమ్మాయి ఐదో నెల నుంచి ఆరో నెలకు 700 గ్రాములే పెరిగింది. అది ఆసుపత్రి కార్డులో ఉంది, ఎవరూ చూడలేదు. షుగరు ఉందని తేలినవాళ్లు మాత్రం బెల్లం, ఖర్జూరం, లడ్డూలు రక్తం కోసమని తినకూడదు. వాళ్ల తిండి డాక్టరు చెప్పినట్లే ఉండాలి.

పని, పడక

"మేము తొమ్మిదో నెలలో కూడా నాట్లేసి వచ్చినాము. పగలు పండుకుంటే ఒంటికి నీరు పడతాది." ఈ మాట దగ్గర చాలామంది కోడళ్లు ఏడుస్తారు. ఎదురు చెప్పడం కంటే చూపించడం మేలు. ఆ అమ్మాయి అత్తను తన కింది కనురెప్ప కొంచెం లాగి చూడమంది, తర్వాత అత్తది చూపించమంది. ఒకటి పాలిపోయి ఉంది, ఒకటి ఎర్రగా ఉంది. "నేను బోరు దగ్గర నుంచి బిందె తెచ్చేసరికి గుండె దడదడలాడుతోంది అత్తమ్మా. సోమరితనం కాదు." రక్తం తక్కువైతే ఒంటికి గాలి చాలదు, దాన్ని సర్దడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. దడ అందుకే.

వాళ్లు చేసుకున్న ఏర్పాటు: బిందెలు మోయడం, పేడ ఎత్తడం, పొయ్యి ముందు గంటల తరబడి నిలబడటం ఆగిపోయాయి. కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం, కూర్చుని చేసే పనులన్నీ కోడలివే. సాయంత్రం ఎండ తగ్గాక అరగంట నడక ఇద్దరూ కలిసి. మధ్యాహ్నం భోజనం అయినాక రెండు గంటలు పడక, రాత్రి ఎనిమిది గంటల నిద్ర. పగటి నిద్రతో ఒంటికి నీరు పట్టదు. పక్కకు తిరిగి కాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకుంటే పాదాల వాపు తగ్గుతుంది కూడా.

ఏడో నెల దాటినాక వెల్లకిలా పడుకోకుండా ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకోవాలి. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్ను పక్కనుంచి పోయే పెద్ద రక్తనాళం మీద పడి బిడ్డకు పోయే రక్తం తగ్గుతుంది. నిద్రలో వెల్లకిలా తిరిగితే కంగారు వద్దు, మెలకువ వచ్చినప్పుడు మళ్లీ పక్కకు తిరగాలి. కుడి పక్కకు తిరిగినా ఫర్వాలేదు.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఉన్న ఇళ్లు కూడా ఉన్నాయి. తొలి కాన్పని మంచం దిగనివ్వరు, నీళ్లు కూడా చేతికిస్తారు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప అది మంచిది కాదు. రోజంతా కదలకుండా ఉంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ ప్రేమను నడకలోకి మళ్లించమని అడగండి.

"మామూలే" అనకూడనివి

ఇది ఒక్కటి మాత్రం మెత్తగా చెప్పి ఊరుకోవద్దు. అత్త నోటితో మళ్లీ చెప్పించుకోండి. సాయంత్రానికి పాదాలు కొంచెం వాచడం మామూలే. ముఖం, చేతులు వాచినా, గాజులు బిగుసుకున్నా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ల ముందు మసకగా ఉన్నా అది బీపీ కావచ్చు. బీపీ 140/90 దాటితే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఉప్పు తగ్గించి బార్లీ నీళ్లు ఇచ్చి తెల్లారేదాకా చూద్దాం అనుకుంటే ఫిట్స్ దాకా పోవచ్చు. రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, కూర్చున్నచోటే ఆయాసం, బిడ్డ కదలిక ముందు రోజులకంటే తగ్గడం కూడా అంతే. వీటిలో ఏది వచ్చినా 108కు ఫోన్ చేయాలి. మంచిరోజు, రాహుకాలం చూడకూడదు.

ఈ మాటలు డాక్టరు నోట వింటే అత్తకు ఇంకా గట్టిగా నిలుస్తాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో కడుపుతో ఉన్నవాళ్లకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజు భర్తకు బదులు అత్తను తీసుకుపోండి. ఆమె అడగాలనుకున్నవి ముందురోజే అడిగి కాగితం మీద రాసుకోండి. మన అత్త అడిగిన మొదటి ప్రశ్న, "నేను తిన్నట్లు ఈ బిడ్డ కూడా బియ్యం తింటా ఉండాదా అని ఒకసారి అడగండి" అని. కోడలు తలొంచుకుంది. తింటోంది. అత్తకు తప్ప ఎవరికీ ఆ అనుమానం రాలేదు.

పెరగకపోతే

వేళలు మార్చిన నెల తర్వాత రక్తం 10.6 వచ్చింది. బరువు కిలో ఎనిమిది వందలు పెరిగింది. బియ్యం నమలాలన్న కోరిక దానంతట అదే తగ్గింది.

మీ ఇంట్లో ఇవన్నీ సరిగ్గా చేసినా నెలలో 1 పాయింటు కూడా పెరగకపోతే ఒకరినొకరు అనుమానించుకోకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్లకు కొంకిపురుగులుండి రక్తం పీలుస్తుంటాయి. నాలుగో నెల దాటాక 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్క మాత్ర ఇస్తారు, అది పడిందా లేదా చూసుకోవాలి. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లకు బీ12 తక్కువై ఉండొచ్చు, అప్పుడు ఎంత ఐరన్ వేసినా చాలదు. పుట్టుకతో వచ్చే తలసేమియా లాంటి లోపం ఉంటే అది వేరే పరీక్షలో తెలుస్తుంది. నెలలు దగ్గరపడినా రక్తం చాలకపోతే నరానికి ఎక్కించే ఐరన్ ఉంది. 7 కంటే తగ్గితే ఇంటి దగ్గర మాత్రలతో కాలం గడపకూడదు, ఆసుపత్రిలోనే చూడాలి.

తొలి కాన్పు కాబట్టి ఎనిమిదో నెలలో గాజులు తొడిగి అమ్మాయిని పుత్తూరులోని పుట్టింటికి పంపారు. ఇక్కడ కుదిరిన వేళలు అక్కడ చెడిపోయే అవకాశం ఎక్కువ. కొత్త వంటిల్లు, ఇంకో పెద్దావిడ, ఇంకో రకం పథ్యం. కాన్పైనాక నీళ్లు తక్కువ ఇవ్వాలి, పప్పు, ఆకుకూర పెట్టకూడదు అనే పద్ధతి ఆ ఇంట్లో ఉందని కోడలు ముందే చెప్పింది. పాలిచ్చే తల్లికి నీళ్లు తగ్గిస్తే దాహంతో, మలబద్ధకంతో అల్లాడుతుంది, ఆకుకూర ఆపేస్తే కాన్పులో పోయిన రక్తం తిరిగి రాదు. అత్త ఆ ఆసుపత్రి కార్డు, మాత్రలు, మొలకెత్తిన రాగిపిండి ఒక సంచిలో సర్దింది. బస్సు ఎక్కేముందు వియ్యపురాలికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"వదినా, పదకొండింటికొకటి, రాత్రి పదికొకటి. కాఫీతో ఇయ్యొద్దు, పాలతో ఇయ్యొద్దు. బిడ్డ పుట్టినాక కూడా ఆర్నెల్లు వేసుకోవాల. ఆకుకూర మానిపించొద్దు. నేను మానేసి రెండు నెలలు మంచం దిగలేకపోయినాను."